‘సెలెక్ట్ అయ్యారు’ అన్న ఫోన్‌కీ ఆఫర్ లెటర్‌కీ మధ్య

హైదరాబాద్‌లో ఆరేళ్లుగా ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తున్నాను. వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో మనుషులు ఒక్కొక్కటీ నొక్కి చూసే పరీక్షల్ని కోడ్ రాసి మెషీన్ చేత చేయించడం మా పని. కిందటి ఏడాది ఉద్యోగం మారదామని ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలకి వెళ్లాను. కంపెనీ పేరు రాయడం లేదు. అక్కడ నేను చూసిన మంచి, చెడు రెండూ ఈ ఊళ్లో చాలాచోట్ల ఉన్నవే. ఏ దశలో ఎలా జరిగిందో, ఎక్కడ న్యాయంగా అనిపించిందో, ఎక్కడ లేదో జరిగింది జరిగినట్టు చెబుతాను.

మొదటి ఫోన్ ఒక కన్సల్టెన్సీ నుంచి వచ్చింది. జాబ్ పోర్టల్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేస్తే ఇలాంటి ఫోన్లు రోజూ వస్తాయి. ప్రస్తుత సీటీసీ, అంటే ఏడాది మొత్తం ప్యాకేజీ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎంత, హైబ్రిడ్ ఓకేనా అని అడుగుతారు. నాది తొంభై రోజుల నోటీస్. ఆ మాట చెప్పగానే చాలామంది ‘మళ్లీ చేస్తాం మేడమ్’ అని పెట్టేస్తారు. ఈ అమ్మాయి పెట్టేయలేదు. జాబ్ డిస్క్రిప్షన్ మెయిల్ చేసి, అది చదివాక ఒప్పుకుంటున్నట్టు జవాబు ఇస్తేనే ప్రొఫైల్ పంపుతానంది. ఈ చిన్న పని చాలా అవసరం. ఒకే ఉద్యోగానికి రెండు కన్సల్టెన్సీలు మన ప్రొఫైల్ పంపితే కంపెనీ సిస్టమ్‌లో డూప్లికేట్ అని చూపిస్తుంది. మొదట పంపిన కన్సల్టెన్సీకే ఆ ప్రొఫైల్ కొన్ని నెలలపాటు చెందుతుంది, రెండోది పంపింది పక్కకి పోతుంది. మనకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే రాతలో ఒప్పుకున్నాకే పంపమనడం నాకు నచ్చింది.

ఆ జాబ్ డిస్క్రిప్షన్‌లో, మా భాషలో జేడీలో, జావా, సెలీనియం, ఏపీఐ టెస్టింగ్, జనరల్ షిఫ్ట్, వారానికి మూడు రోజులు ఆఫీసు అని స్పష్టంగా ఉంది. ఆన్‌లైన్ టెస్టుకి లింక్ పంపినప్పుడు ఎంతసేపు పడుతుందో, ఎన్ని ప్రశ్నలో, కెమెరా ఆన్‌లో ఉండాలో లేదో ముందే రాశారు. ఫలితం కూడా రెండు రోజుల్లోనే చెప్పారు. ఇక్కడిదాకా కమ్యూనికేషన్‌కి నేను పూర్తి మార్కులు వేస్తాను.

మిగతా రౌండ్లన్నీ శనివారం ఆఫీసులోనే, నేరుగా. ఈమధ్య చాలా కంపెనీలు మళ్లీ మనిషిని పిలిపించుకుంటున్నాయి. వీడియో ఇంటర్వ్యూల్లో ఒకరి బదులు ఇంకొకరు కూర్చోవడం, పక్కనుంచి జవాబులు అందించడం పెరిగిపోయిందని కారణం చెబుతారు. ఆ కారణం నిజమే. కానీ దాని భారం ఊళ్లనుంచి వచ్చేవాళ్ల మీద పడుతోంది. అందరికీ తొమ్మిదిన్నరకే రమ్మని మెయిల్. గేటు దగ్గర ఆధార్ చూపించి, లాప్‌టాప్ ఉంటే సీరియల్ నంబర్ రాయించి, విజిటర్ ట్యాగ్ మెడలో వేసుకుని పైకి వెళ్లేసరికి కేఫెటీరియా నిండా మనుషులే. నా పక్కన కూర్చున్న కుర్రాడు గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చాడు. బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని, స్టేషన్ దగ్గర లాడ్జిలో స్నానం చేసి వచ్చానక్కా అన్నాడు. అతని పేరు మధ్యాహ్నం భోజనాల తర్వాత పిలిచారు. అందరినీ ఒకే టైముకి రమ్మనకుండా పదికి కొందరు, పన్నెండుకి కొందరు, రెండింటికి కొందరు అని విడదీసి పిలిస్తే కంపెనీకి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఆ పని ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా టెక్నికల్ రౌండ్ మాత్రం నేను ఇన్నేళ్లలో చూసినవాటిలో బాగా నడిపినది. ఇద్దరు కూర్చున్నారు. రెజ్యూమే పక్కన పెట్టి లాప్‌టాప్ నా వైపు తిప్పారు. ‘ఇది మా దగ్గర నిజంగా ఉన్న టెస్ట్ లాంటిదే. పదిసార్లు నడిపితే ఒకట్రెండుసార్లు ఊరికే ఫెయిల్ అవుతోంది. ఏం చేస్తారు?’ అని అడిగారు. స్క్రీన్ మీద ఉన్నది దాదాపు ఇది:

```java
driver.findElement(By.id("pay")).click();
Thread.sleep(5000);
assertTrue(driver.findElement(By.id("success")).isDisplayed());
```

పే బటన్ నొక్కడం, ఐదు సెకన్లు ఆగడం, సక్సెస్ మెసేజ్ కనిపిస్తోందో లేదో చూడడం. ఇందులో తప్పు ఎక్కడుందో ఈ పని చేసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. పేజీ ఒక్క సెకనులో వచ్చినా టెస్ట్ ఐదు సెకన్లూ ఆగుతుంది. సర్వర్ నెమ్మదిగా ఉండి ఆరో సెకనులో వస్తే, అప్లికేషన్ బాగానే ఉన్నా టెస్ట్ ఫెయిల్ అంటుంది. ఇలాంటివి రెండు వందల టెస్టులు ఉంటే ఊరికే ఆగడానికే వెయ్యి సెకన్లు, అంటే పదహారు నిమిషాలు దాటిపోతుంది. నేను ఆ లెక్క చెప్పి, మధ్యలో ఉన్న లైను తీసేసి ఇలా మార్చాను:

```java
new WebDriverWait(driver, Duration.ofSeconds(10))
    .until(ExpectedConditions
        .visibilityOfElementLocated(By.id("success")));
```

మెసేజ్ ఎప్పుడు వస్తే అప్పుడే ముందుకి వెళ్తుంది, పది సెకన్లలోనూ రాకపోతేనే ఫెయిల్ అవుతుంది. వాళ్లు అక్కడితో ఆపలేదు. ‘పది సెకన్లు ఎందుకు, ముప్పై ఎందుకు కాదు?’ అన్నారు. అది నేను ఊహించి చెప్పే అంకె కాదని, పేమెంట్ గరిష్ఠంగా ఎంతసేపట్లో పూర్తవ్వాలని ప్రాడక్ట్ టీమ్ అనుకుందో దాన్నిబట్టి పెట్టాలని, ఎక్కువ పెట్టేస్తే నిజంగానే నెమ్మదించిన పేజీని కూడా మన టెస్ట్ పాస్ చేసేస్తుందని చెప్పాను. అక్కడినుంచి మాట ఇరవై నిమిషాలు నడిచింది. ఒక కాగితం మీద ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసుకోవడం చూశాను. ప్రశ్న ఉద్యోగంలో రోజూ చేసే పనికి దగ్గరగా ఉంది, ఒకరి మార్కులు ఇంకొకరి మీద ప్రభావం చూపకుండా వేసుకున్నారు. సెలెక్ట్ కాకపోయినా ఈ రౌండ్ న్యాయంగా జరిగిందనే అనుకునేదాన్ని.

అయితే బయటికి వచ్చి గుంటూరు అబ్బాయితో మాట్లాడితే తెలిసింది, అతనికి ఇంకో ప్యానెల్ పడిందని. వాళ్లు కోడ్ ఏమీ చూపించలేదు. 401 ఎర్రర్‌కీ 403 ఎర్రర్‌కీ తేడా ఏమిటి, ఫలానా కాలేజ్ ప్రాజెక్ట్‌లో ఏం చేశావు, ఇంటర్‌ఫేస్‌కీ అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ తేడా ఏమిటి అని ఒకదాని వెంట ఒకటి అడిగారట. ఒకే ఉద్యోగం, ఒకే రోజు, ఒకే బిల్డింగ్. నాకు పడిన ప్యానెల్ అతనికి పడి ఉంటే ఏం జరిగేదో. ఇలా ఒకే రోజు అందరినీ పిలిచే డ్రైవ్‌లో ఎన్ని ప్యానెళ్లు ఉన్నా ఒకటే ప్రశ్నల సెట్, ఒకటే మార్కుల షీట్ ఉంటే తప్ప ఎవరు ఎవరికన్నా మెరుగో ఎలా పోలుస్తారు?

మేనేజర్ రౌండ్‌లో నాకు బాధ కలిగింది. ఆయన మొదట ప్రాజెక్ట్ గురించి మర్యాదగానే అడిగారు. తర్వాత, పెళ్లయిందా, పిల్లలున్నారా, రాత్రి పదకొండు దాకా కాల్స్ ఉంటే ఇంట్లో ఏమీ అనరా అన్నారు. జేడీలో జనరల్ షిఫ్ట్ అని ఉంది. ‘సార్, షిఫ్ట్ ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా, వారంలో ఎన్ని రోజులు, క్యాబ్ ఇస్తారా, ఈ మూడూ చెబితే నేను చేయగలనో లేదో చెప్తాను’ అన్నాను. మధ్యాహ్నం రెండునుంచి రాత్రి పదకొండు దాకా, వారానికి రెండు రోజులు, క్యాబ్ ఉంటుంది అన్నారు. చేస్తానన్నాను. ఆ విషయం మొదటి ఫోన్‌లోనే చెప్పాల్సింది. అమెరికా టీమ్‌తో కలిసి పనిచేసే ఉద్యోగమైతే రాత్రి వేళలు తప్పవని అందరికీ తెలుసు, దాన్ని దాచి జనరల్ అని రాయనక్కర్లేదు. అదే మేనేజర్ దగ్గరికి వెళ్లొచ్చిన ఇద్దరు మగవాళ్లని అడిగాను. షిఫ్ట్ సంగతి వాళ్లకీ చెప్పారు. పెళ్లి, పిల్లలు, ఇంట్లోవాళ్ల అనుమతి ఎవరినీ అడగలేదు. ఉద్యోగం చేయగలరా అన్న ప్రశ్న అందరికీ ఒకటే ఉండాలి. నన్ను అడిగింది ఆ ప్రశ్న కాదు.

సాయంత్రం హెచ్ఆర్ వచ్చి, మిగిలినవాళ్లని ‘మీకు మెయిల్ వస్తుంది’ అని పంపేశారు. గుంటూరు అబ్బాయికి మెయిల్ రానేలేదు. చాలా రోజుల తర్వాత అతనే మెసేజ్ పెడితే తెలిసింది. ఒక్క లైను, ‘ఈసారి ఎంపిక కాలేదు’ అని రాస్తే అతను అన్నాళ్లు ఎదురుచూడడు కదా.

నాకు సోమవారం ఫోన్ వచ్చింది. కంపెనీ హెచ్ఆర్ అమ్మాయి, చాలా ఉత్సాహంగా, ‘కంగ్రాట్స్ మేడమ్, సెలెక్ట్ అయ్యారు, డాక్యుమెంట్స్ అప్‌లోడ్ చేయండి’ అంది. మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16, చివరి అప్రైజల్ లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పోర్టల్ నుంచి సర్వీస్ హిస్టరీ. ఈ చివరిది ఈమధ్య అన్నిచోట్లా అడుగుతున్నారు, ఒకే సమయంలో రెండు ఉద్యోగాలు చేశామా లేదా అని అందులో తెలిసిపోతుంది. అన్నీ పెట్టాను.

తర్వాత జీతం మాటలు. నా సీటీసీ పద్నాలుగు లక్షలు, అందులో పదమూడు ఫిక్స్‌డ్, ఒకటి వేరియబుల్. వాళ్లు పద్ధెనిమిది అన్నారు. ‘ఇరవై ఎనిమిది శాతం హైక్ మేడమ్, ఈ బ్యాండ్‌లో ఇంతకన్నా ఇవ్వరు’ అంది. వినడానికి బాగుంది. విడగొట్టి మెయిల్ చేయమన్నాను. ఫిక్స్‌డ్ పదిహేను లక్షల ఇరవై వేలు, వేరియబుల్ లక్షా ఎనభై వేలు, జాయినింగ్ బోనస్ ఒక లక్ష. బోనస్ మొదటి ఏడాదికి మాత్రమే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. వేరియబుల్ కంపెనీ ఫలితాల మీద, మన రేటింగ్ మీద ఆధారపడుతుంది. అంటే ఖాయంగా పెరిగేది రెండు లక్షల ఇరవై వేలు, పదిహేడు శాతం దగ్గర. అందులోనూ కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిసే ఉంటాయి, చేతికి వచ్చేది ఇంకా తక్కువ. నేను ఫిక్స్‌డ్ పదహారు అడిగాను. ‘అప్రూవల్‌కి పెడతాను’ అంది.

అక్కడినుంచి ఆలస్యం మొదలైంది. మొదటి వారం ‘ఫైనాన్స్ దగ్గర ఉంది’. రెండో వారం ‘బ్యాండ్ కమిటీ చూస్తోంది’. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గింది, వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడేవి, జవాబు ఉండేది కాదు. మధ్యలో ఒకరోజు తనే ఫోన్ చేసి, ‘మేడమ్, మీ నోటీస్ తొంభై రోజులు కదా, మీరు ఈలోగా రిజైన్ పేపర్లు పెట్టేయండి, లెటర్ వచ్చేస్తుంది, టైమ్ కలిసొస్తుంది’ అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా టీమ్‌లో ఒక అక్క ఉంది, నాకన్నా పదేళ్లు సీనియర్. తనకి చెబితే, ‘లెటర్ మెయిల్‌లో పడి, నువ్వు యాక్సెప్ట్ నొక్కి, జాయినింగ్ డేట్ వచ్చేదాకా నీ మేనేజర్‌కి ఒక్క ముక్క చెప్పకు’ అంది. నేనూ అలాగే నిలబడ్డాను. హెచ్ఆర్‌కి, ఆఫర్ లెటర్ వచ్చిన రోజే రిజైన్ చేస్తాను, నోటీస్ తగ్గించమని మా కంపెనీని అడుగుతాను, అంతకుముందు మాత్రం కుదరదు అని మర్యాదగా మెయిల్ రాశాను. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో రాయడానికి కారణం, రేపు ఎవరైనా ‘ఆవిడే జాయిన్ అవనంది’ అంటే చూపించడానికి నా మాట రాతలో ఉండాలి.

ఇక్కడ కంపెనీ వైపు సంగతి కూడా చెప్పాలి. తొంభై రోజుల నోటీస్ ఉన్నచోట, ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని ఆ మూడు నెలల్లో ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకునేవాళ్లు ఉంటారు. జాయినింగ్ రోజు ఉదయం ఫోన్ స్విచ్ ఆఫ్ చేసేవాళ్లూ ఉంటారు. అందుకని ఒక సీటుకి ఇద్దరిని పాస్ చేసి, ఒకరికి లెటర్ ఇచ్చి, రెండోవాళ్లని మాటలతో ఆపి ఉంచుతారు. రిక్రూటర్లు దీన్ని బ్యాకప్ అంటారు. మొదటివాళ్లు జాయిన్ అయితే రెండోవాళ్లకి జవాబే ఉండదు. బ్యాకప్ పెట్టుకోవడం తప్పు అనను. బ్యాకప్‌లో ఉన్న మనిషికి ఆ మాట చెప్పకుండా, పైగా ఉన్న ఉద్యోగం మానేయమనడం మాత్రం చాలా తప్పు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు ఉన్న మనిషి ఆ మాట నమ్మి రిజైన్ చేస్తే ఎవరు బాధ్యత తీసుకుంటారు?

బ్యాకప్‌లో ఉన్నామని తెలియడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. డాక్యుమెంట్లన్నీ తీసుకున్నాక కూడా జాయినింగ్ తేదీ మాట రాదు. జీతం గురించి బేరం ఆగిపోతుంది, ఔనని గానీ కాదని గానీ ఉండదు. ‘ఇంకా ఇంట్రెస్ట్ ఉందా మేడమ్’ అని అప్పుడప్పుడు ఒక ఫోన్ మాత్రం వస్తుంది. నాకు మూడూ జరిగాయి.

చివరికి డాక్యుమెంట్లు అడిగిన పాత మెయిల్ తెరిచి చూస్తే, కాపీలో ఆ అమ్మాయి పై అధికారి ఐడీ ఉంది. దానికే రిప్లై ఆల్ కొట్టి చిన్న మెయిల్ రాశాను. ఆరోపణలు ఏమీ లేవు. ఇంటర్వ్యూ రౌండ్లలో నా ఫలితం ఏమిటి, ఈ పొజిషన్‌కి అప్రూవల్ ఇప్పటికీ ఉందా, ఉంటే ఏ తేదీలోపు ఆఫర్ వస్తుంది, లేకపోతే నా ప్రాసెస్ క్లోజ్ అయినట్టు తెలియజేయండి అని మాత్రం అడిగాను. ‘అప్‌డేట్ ఏమైనా ఉందా’ అని అడిగితే ‘ఇంకా ప్రాసెస్‌లో ఉంది’ అని జవాబు వస్తుంది. ఇలా విడివిడిగా అడిగితే ఆ ఒక్క మాటతో తప్పించుకోవడం కష్టం.

మర్నాడే ఆ పై అధికారి ఫోన్ చేశారు. ముందు ఆలస్యానికి క్షమించమన్నారు. ఉన్నవి రెండు పొజిషన్లని, ఒకటి ముప్పై రోజుల్లో చేరగలిగిన వాళ్లకి ఇచ్చామని, రెండోదానికి నన్ను అనుకున్నామని, నా జీతం ఫైలు తిరుగుతుండగానే త్రైమాసికం ముగింపులో బిజినెస్ టీమ్ ఆ రెండో పొజిషన్ వెనక్కి తీసుకుందని చెప్పారు. అది జరిగి అప్పటికే కొన్ని వారాలైంది. పేపర్లు పెట్టమని ఫోన్ వచ్చింది దానికి ముందా తర్వాతా అని అడిగాను. ఆవిడ కాస్త ఆగి, ‘తర్వాతే అనుకుంటానమ్మా, ఆ అమ్మాయికి అప్పటికి తెలిసి ఉండదు’ అన్నారు. తెలియకపోవచ్చు, నమ్ముతాను. కానీ సీటు ఉందో లేదో తెలియని మనిషి చేత ఆ ఫోన్ చేయించే పద్ధతి సరైనది కాదు అని ఆవిడకే చెప్పాను. ఆవిడ కాదనలేదు.

ఇదంతా మెయిల్‌లో ఇవ్వమన్నాను. సాయంత్రానికి వచ్చింది, నాలుగు లైన్లు. అన్ని రౌండ్లూ పాస్, పొజిషన్ రద్దు, ఆఫర్ లేదు, ఆరు నెలల్లో అలాంటిదే తెరిస్తే టెక్నికల్ రౌండ్ మళ్లీ అక్కర్లేదు. అది చదివాక బాధ ఉన్నా మనసు కుదుటపడింది. నేను ఫెయిల్ అయ్యానా, జీతం ఎక్కువ అడిగి చెడగొట్టుకున్నానా, నోటీస్ వల్లా అని తిరుగుతున్న ప్రశ్నలన్నింటికీ ఒకేసారి జవాబు దొరికింది. ఇదే మెయిల్ పొజిషన్ రద్దయిన రోజే వచ్చి ఉంటే, ఆ మధ్యలో వచ్చిన ఇంకో కంపెనీ పిలుపుని నేను వదులుకునేదాన్ని కాదు. జవాబుగా, నేను అప్‌లోడ్ చేసిన ఫారం 16, బ్యాంక్ స్టేట్‌మెంట్ తొలగించమని రాశాను. తొలగించామని రెండు రోజుల్లో మెయిల్ పెట్టారు.

తర్వాత అలవాటుగా వచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. టెక్నికల్ ప్యానెల్‌కి ఐదుకి ఐదు ఇచ్చి, వాళ్లు వాడిన ప్రశ్నే అన్ని ప్యానెళ్లకీ ఇవ్వమని రాశాను. మేనేజర్ అడిగిన ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు, పక్కనవాళ్లని అడగలేదన్న సంగతితో సహా రాశాను. షిఫ్ట్ వేళలు జేడీలో పెట్టమన్నాను. డ్రైవ్‌కి వచ్చినవాళ్లందరికీ ఫలితం మెయిల్ చేయమని రాసే చోట గుంటూరు నుంచి వచ్చిన అభ్యర్థి ఇంకా ఎదురుచూస్తున్నాడని కూడా చేర్చాను.

ఇప్పుడు మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. సీటీసీ చెప్పేముందు నేను అడిగేవి మారాయి. ఎన్ని పొజిషన్లు, బడ్జెట్ అప్రూవ్ అయిందా, షిఫ్ట్ ఎన్నింటికి, చివరి రౌండ్ తర్వాత ఆఫర్ లెటర్ ఎన్ని రోజుల్లో ఇస్తారు. కొందరు ‘తెలుసుకుని చెప్తాం మేడమ్’ అని మళ్లీ చేయరు. మొన్న ఒకాయన మాత్రం, ‘ఒకటే పొజిషన్ మేడమ్, అప్రూవల్ ఉంది, మీకు ముందు ఇంకో క్యాండిడేట్ ఫైనల్ రౌండ్‌లో ఉన్నారు, గురువారం తేలుతుంది, ఆ తర్వాతే మీకు స్లాట్ ఇస్తాను’ అన్నాడు. గురువారం సాయంత్రం ఫోన్ చేసి, ఆ క్యాండిడేట్ ఓకే అయ్యారు మేడమ్, సారీ అని చెప్పాడు.